ఒక్కసారి చదివి 27 అనేస్తే ఎలా?

గ్రూప్-1కి తయారవుతున్న పిల్లలు వ్యాసం రాసి తెచ్చి నా చేతిలో పెట్టి అడిగేది బాగుందా లేదా అని కాదు. "ఎన్నొస్తాయి మాస్టారూ?" అని. విజయనగరంలో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు మాస్టారి వరండా అంటే సాయంత్రాలు చిన్న వాల్యుయేషన్ కేంద్రమే. బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి కూడా బస్సెక్కి వస్తారు. మెయిన్స్‌లో సాధారణ వ్యాసం పేపరుకి 150 మార్కులు, మూడు వ్యాసాలు, ఒక్కోదానికి 50. అందుకని నేనూ యాభైకే దిద్దుతాను. చదివి, అడుగున 27 వేసి ఇచ్చేస్తే పిల్లవాడికి తృప్తి, నాకు పని అయిపోయినట్టు. అలా ఇవ్వకూడదని నా వాదన.

27 అన్నప్పుడు నాకు నిజంగా తెలిసింది ఒక్కటే: ఈ కాగితాన్ని, ఈ సాయంత్రం, దీనికి ముందు చదివిన రెండు కాగితాల తర్వాత, ఒక్కసారి చదివితే నా చేతికి 27 వచ్చింది. పిల్లవాడు వినేది వేరు. తన వ్యాసం విలువ 27 అనుకుంటాడు. అసలు పరీక్షలో కూడా 27 వస్తుందనుకుంటాడు. ఈ రెండూ కూడా ఒకటి కావు. ఆ తేడా దగ్గరికి తర్వాత వస్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

ముందు, నా చేతికి వచ్చిన అంకె ఎంత కదులుతుందో చూడాలి. 1930లలో ఇంగ్లండులో హార్టాగ్, రోడ్స్ అనే ఇద్దరు ఒక పని చేశారు. 15 చరిత్ర జవాబు పత్రాలను 14 మంది పరీక్షకుల చేత దిద్దించారు. ఏడాది పైగా గడిచాక అవే పత్రాలను మళ్లీ వాళ్ల చేతే దిద్దించారు. మొత్తం 210 తీర్పుల్లో 92 మారిపోయాయి, పాసైనవాడు తప్పడం, తప్పినవాడు పాసవడం లాంటి మార్పులతో సహా. మనుషులు మారలేదు, కాగితం మారలేదు. నడుమ కాలం గడిచింది, అంతే.

మనిషి కూడా మారితే? 1961లో అమెరికాలో డీడెరిక్, మరో ఇద్దరు కలిసి 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చి తొమ్మిది మెట్ల కొలతలో గ్రేడు వేయమన్నారు. ఎలా దిద్దాలో ఏమీ చెప్పలేదు. ఐదు కన్నా తక్కువ రకాల గ్రేడు వచ్చిన వ్యాసం ఒక్కటీ లేదు. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు రకాల గ్రేడ్లు వచ్చాయి. ఇందులో నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ చెదురు కాదు, దాని కారణం. ఎవరెవరు ఎవరితో ఏకీభవిస్తున్నారో లెక్క తీస్తే చదివేవాళ్లు ఐదు గుంపులుగా తేలారు. ఒక గుంపు ఆలోచనకు మార్కులిస్తుంది, ఇంకోటి వ్యాకరణానికీ అక్షరదోషాలకూ, ఇంకోటి అమరికకు, ఇంకోటి పదాల ఎంపికకు, చివరిది రాసిన మనిషి గొంతుకు. అంటే వాళ్లు అజాగ్రత్తగా చదివి కాదు విడిపోయింది. జాగ్రత్తగానే చదివి, వేరువేరు వాటికి విలువ కట్టారు. నియమావళి పెట్టి, శిక్షణ ఇచ్చి దిద్దిస్తే ఈ చెదురు బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు.

మన దగ్గర ఎంత ఉందో తెలుసుకోవాలంటే మనమే కొలుచుకోవాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. ఎనిమిది పది వ్యాసాలు తీసుకుని, మరొకరి చేత విడిగా దిద్దించి, తేడాలు చూడడమే. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది లెక్క దగ్గర కాదు, కాగితం దగ్గర. నా ఎర్రసిరా గీతలు ఉన్న కాగితాన్ని ఇంకొకరికి ఇస్తే వాళ్ల కళ్లు నా గీతల వెంటే పోతాయి. నా 27 కనిపిస్తే వాళ్ల చేతికి 26 నుంచి 28 దాకా ఏదో ఒకటి వస్తుంది. అప్పుడు తేడాలు చిన్నవైపోతాయి, మనకి మనం గొప్ప ఏకాభిప్రాయం ఉన్నట్టు కనిపిస్తాం. కాబట్టి దిద్దకముందే జిరాక్సు తీయించాలి. మార్కులు కాగితం మీద వేయకుండా విడి నోటుపుస్తకంలో రాసుకోవాలి. వరస కూడా కలిపేసి ఇవ్వాలి, ఎందుకంటే బ్రహ్మాండమైన వ్యాసం తర్వాత వచ్చిన మామూలు వ్యాసం ఎవరి చేతిలోనైనా ఒకటి రెండు మార్కులు పోగొట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే వరసలో చదివితే ఆ పొరపాటు ఇద్దరికీ సమానంగా పడి, తేడాలో కనిపించకుండా దాక్కుంటుంది.

లెక్క తేలిగ్గా చూపడానికి అంకెలు నేనే వేసుకుని ఒక ఉదాహరణ చెబుతాను. ఎనిమిది వ్యాసాలు, యాభైకి మార్కులు. నేను వేసినవి: 27, 31, 22, 25, 34, 29, 20, 28. అవే కాగితాలకు సహోపాధ్యాయురాలు, మేడం గారు, వేసినవి: 24, 33, 21, 29, 32, 23, 22, 30.

నా మార్కులోంచి ఆవిడ మార్కు తీసేస్తే తేడాలు 3, −2, 1, −4, 2, 6, −2, −2. మొదట వీటిని కూడండి. 2 వస్తుంది, అంటే సగటున పావు మార్కు. ఇద్దరిలో ఒకరు కటువు, ఒకరు మెతక అనే గొడవ ఇక్కడ లేదు. ఈ సగటు 3, 4 దగ్గరకు వెళ్తే మాత్రం కథ వేరు. అప్పుడు ముందు "నేను మేడం గారి కన్నా నాలుగు ఎక్కువ వేస్తాను" అని చెప్పుకోవాలి. మిగతా చెదురు సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు ఒక్కో తేడాను దానితోనే గుణించి కూడాలి: 9, 4, 1, 16, 4, 36, 4, 4. మొత్తం 78. ఒక్కో తేడాలో ఇద్దరి పొరపాటూ కలిసి ఉంది కాబట్టి, వ్యాసాల సంఖ్యకు రెట్టింపుతో, అంటే 16తో భాగిస్తే సుమారు 4.9. దాని వర్గమూలం 2.2. సూత్రంగా రాస్తే:

```
s = √( Σd² / 2n ) = √( 78 / 16 ) ≈ 2.2
```

ఈ 2.2నే స్టాండర్డ్ ఎర్రర్ అంటారు. ఒక్క మనిషి ఒక్కసారి చదివి వేసిన మార్కు, మా బోటివాళ్లు చాలామంది చదివితే వచ్చే సగటుకి మామూలుగా ఎంత దూరంలో పడుతుందో చెప్పే అంకె ఇది. దీనికి ఒక రెట్టు అటూ ఇటూ వేసుకుంటే మూడుసార్లలో రెండుసార్లు ఆ సగటు అందులో ఉంటుంది. రెండు రెట్లు వేసుకుంటే ఇరవైలో పందొమ్మిదిసార్లు. కాబట్టి నేను 27 వేసిన వ్యాసానికి మూడింట రెండు పాళ్ల నమ్మకంతో 25 నుంచి 29, ఇంచుమించు పూర్తి నమ్మకంతో 23 నుంచి 31. ఎనిమిది వ్యాసాలతో తీసిన 2.2 కూడా కొంచెం అటూ ఇటూ ఊగేదే. అందుకని రెండు రెట్ల బదులు 2.3 రెట్లు వేసుకుని, 22 నుంచి 32 అనడం న్యాయం.

ఇక పైన వాయిదా వేసిన మాట. ఈ పరిధి దేని గురించి? "చాలామంది చదివితే వచ్చే సగటు" గురించి. పిల్లవాడికి కావలసింది అది కాదు. పరీక్షలో వాడి కాగితం చాలామంది చేతుల్లోకి వెళ్లదు, ముఖం తెలియని ఎవరో ఒకరిద్దరి చేతుల్లోకి వెళ్తుంది. వాడు అడిగేది "నా వ్యాసం విలువెంత" అని కాదు, "ఆయన ఎంతేస్తారు" అని. ఆ ఆయనకూ నాలాగే సొంత చెదురు ఉంటుంది. నా పొరపాటు, ఆయన పొరపాటు రెండూ కలుస్తాయి. అప్పుడు 2.2ను 1.41తో గుణించాలి, 3.1 వస్తుంది. 27కి మూడింట రెండు పాళ్ల పరిధి 24 నుంచి 30. ఇరవైలో పందొమ్మిది పాళ్ల పరిధి 21 నుంచి 33, చిన్న నమూనా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకో మార్కు అటూ ఇటూ.

పరిధి చెప్పేవాళ్లలో కూడా ఎక్కువమంది ఇక్కడే జారిపోతారు. మొదటి పరిధిని కట్టి, రెండోదానిలా వాడతారు. "25 నుంచి 29" అని విని పరీక్షకు పోయినవాడికి 23 వస్తే, మాస్టారు అన్యాయంగా చెప్పారనో, దిద్దినాయన అన్యాయం చేశారనో అనుకుంటాడు. నిజానికి ఇద్దరి తప్పూ లేదు. అడిగిన ప్రశ్న ఒకటి, జవాబు చెప్పిన ప్రశ్న ఇంకొకటి.

ఆ ఎనిమిదిలో ఆరో వ్యాసం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నాది 29, ఆవిడది 23. ఉత్తరాంధ్ర నుంచి వలసలు, వాటి కారణాలు, పరిష్కారాలు అన్న అంశం అనుకోండి. రాసినవాడు ఉద్దానం వాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ ఎలా నేలమట్టం చేసిందో, కాపుకొచ్చే చెట్టు ఒక్క రాత్రి పోతే మళ్లీ నాటిన మొక్క ఎదిగేదాకా ఇంటిల్లిపాదీ ఏం తినాలో, అందుకని మగవాళ్లు ఎక్కడెక్కడికి పనికి పోయారో రాశాడు. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించి 29 పడింది. మేడం గారు ప్రశ్నను పక్కన పెట్టుకుని చదివారు. పరిష్కారాలు అన్న మాటకు చివర్లో రెండు వాక్యాలే ఉన్నాయి, అడిగినదాంట్లో సగానికి జవాబు లేదు అని 23 వేశారు.

నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని కదా, వెంటనే నా మార్కునే సమర్థించుకోవాలనిపిస్తుంది. కానీ ఇక్కడ రెంటినీ కలిపి 26 అనేయడం కూడా సరికాదు. రెండింటి మధ్య తేడా స్టాండర్డ్ ఎర్రర్‌కి మూడు రెట్లకు దగ్గరగా వచ్చినప్పుడు అది ఊగిసలాట కాకపోవచ్చు, నియమం లోపం కావచ్చు. ప్రశ్నలో ఒక భాగం వదిలేస్తే ఎంత తగ్గించాలి అన్నది మేమిద్దరం ముందే మాట్లాడుకోలేదు. అది తేల్చుకుని ఇద్దరం మళ్లీ చదవాలి, లేదా మూడోవారికి ఇవ్వాలి. తేడా ఒక హద్దు దాటితే మూడో మూల్యాంకనానికి పంపే పద్ధతి విశ్వవిద్యాలయాల్లో ఉన్నదే. సగటు అన్నది ఊగిసలాటకు మందు, నియమంలో ఖాళీకి కాదు.

గ్రేడ్లు వేసేచోట ఇంకో చిక్కు ఉంది. 30, ఆపైన ఏ, 25 నుంచి 29 దాకా బి, 20 నుంచి 24 దాకా సి అనుకుందాం. నేను 27 వేసిన వ్యాసం బి. 29 వేసిన వ్యాసం కూడా బి. కాగితం మీద రెండూ ఒకే అక్షరం. కానీ 2.2 స్టాండర్డ్ ఎర్రర్‌తో లెక్కేస్తే, మొదటిది నిజంగా బి అవడానికి నాలుగింట మూడు పాళ్ల అవకాశం, మిగతా పావు పాలు ఏకీ సికీ సమానంగా పంచుకుంటాయి. రెండోది ఏ అవడానికి వందకు నలభై పాళ్లు అవకాశం ఉంది, సిలో పడే అవకాశం దాదాపు లేదు. రెంటికీ బి అని ఒక్క ముక్కలో చెప్పేస్తే నాకు తెలిసిన విషయంలో కూడా సగం దాచినట్టు అవుతుంది. మొదటివాడికి "బి, చాలావరకు అదే అనుకో", రెండోవాడికి "బి, కానీ ఏ అంచున ఉన్నావు" అని చెప్పడానికి ఏ లెక్కల పుస్తకమూ అక్కర్లేదు.

అన్నింటిలోకీ ఎక్కువ వచ్చిన కాగితం గురించి కూడా ఓ మాట. నేను 34 వేసిన వ్యాసానికి మేడం గారు 32 వేశారు. అందరికన్నా తక్కువగా 20 వేసినదానికి ఆవిడ 22 వేశారు. ఈ అంకెలు నేనే వేసుకున్నవే, కానీ నిజం కట్టల్లో కూడా చాలావరకు ఇలాగే జరుగుతుంది. కట్టలో పైన తేలిన కాగితం బాగుండి తేలింది, పైగా ఆ రోజు నా చేతి అదృష్టం కూడా కలిసొచ్చింది. రెండో మనిషి దగ్గర ఆ అదృష్టం మళ్లీ రాదు. నా ఎనిమిది మార్కుల సగటు 27. ఆ మార్కుల్లోని తేడాల్లో సుమారు నాలుగింట మూడు పాళ్లే వ్యాసాల మధ్య ఉన్న అసలు తేడా, మిగతాది నా ఊగిసలాట. కాబట్టి 34కి పరిధి కట్టేటప్పుడు నడిమి గుర్తు 34 దగ్గర కాక, 27కి ఆవల ఉన్న ఏడు మార్కుల్లో నాలుగింట మూడు పాళ్లే పెట్టి, 32 దగ్గర పెట్టాలి. పిల్లకి ఇది చేదుగా ఉంటుంది. "మీరే 34 వేసి, మీరే 32 అంటారేటి మాస్టారూ" అంటుంది. వేసింది నేనే, రేపు వేయబోయేది నేను కాదు కదమ్మా.

ఇదంతా విన్నాక ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. పరిధి చెప్పడం బాధ్యత తప్పించుకోవడం కాదా? 20 నుంచి 35 అంటే ఎవరైనా ఎప్పుడైనా నెగ్గుతారు. నిజమే, కొలవకుండా నోటికొచ్చినంత వెడల్పు చెబితే అది తప్పించుకోవడమే. అందుకే వెడల్పు పుట్టిన చోటు చూపించగలగాలి, తర్వాత పరీక్షకు పెట్టుకోవాలి. ఆ పరీక్ష ఇలా ఉంటుంది. కొత్త వ్యాసాలకు ముందుగా నేను "మరొకరు దిద్దితే ఇంత నుంచి ఇంత, మూడింట రెండు పాళ్లు" అని రాసుకుంటాను. తర్వాత మేడం గారి మార్కు వస్తుంది. ముప్ఫై కాగితాలయ్యాక వెనక్కి చూస్తే దాదాపు ఇరవై నా పరిధిలో పడి ఉండాలి. పన్నెండే పడితే నేను లేని ధీమా చూపిస్తున్నాను. ఇరవై తొమ్మిది పడితే పిరికితనంతో వెడల్పు చెబుతున్నాను. అంటే పరిధి చెప్పినవాణ్నీ తప్పు పట్టుకోవచ్చు. ఒంటి అంకె చెప్పినవాణ్ని తప్పు పట్టుకోవడానికే దారి లేదు, ఎందుకంటే ఒక మార్కు తేడా వచ్చినా తప్పే, పది వచ్చినా తప్పే. ఎంత తప్పితే క్షమించాలో అతను చెప్పలేదు కదా.

ఖర్చు సంగతి. రెండోవారు కూడా దిద్ది సగటు తీస్తే 2.2 కాస్తా 1.6కి దిగుతుంది. నలుగురు దిద్దితే 1.1. నలుగురు మనుషుల శ్రమతో వెడల్పు సగమే తగ్గింది. రోజువారీ సాధనకి అంత అక్కర్లేదు, ఒక్క పఠనం, పక్కన నిజాయితీగా కట్టిన పరిధి చాలు. పరీక్షకు ముందు ఒకటి రెండు కాగితాలకు మాత్రం ఇద్దరు చదవడం మేలు. నేనే రెండోసారి చదివితే రాదా అంటే, కొంత వస్తుంది. నా అలసట, వరస వల్ల వచ్చే హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. నా కటువుతనం, తుపాను గురించి చదివితే కరిగిపోయే నా గుణం మాత్రం రెండోసారి కూడా నాతోనే వస్తాయి. నన్ను నాతో పోల్చి తీసిన అంకె నా గురించి చాలా మంచి మాటే చెబుతుంది, అది నమ్మకూడదు.

మేడం గారితో పోల్చుకోవడం కూడా అంత నమ్మదగినది కాదని చెప్పాలి. మేమిద్దరం ఒకే బడిలో ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని దిద్దినవాళ్లం. మా అభిరుచులు ఒకరికొకరు అంటించుకున్నాం. పరీక్షలో దిద్దే ఆయన అలా కాదు, ఎక్కడివారో, ఏ సబ్జెక్టువారో. పైగా అక్కడి అంశం వేరు. వలసల మీద 27 రాసినవాడు సైన్సు మీద 21 రాయొచ్చు. అంశం మారితే వచ్చే ఊగిసలాట మా 3.1లో బొత్తిగా లేదు. అది తెలియాలంటే ఒకే పిల్లవాడి చేత నాలుగైదు అంశాల మీద రాయించి చూడడమొక్కటే దారి. కాబట్టి నేను చెప్పే పరిధి ఉండాల్సినదానికన్నా ఇరుకే. ఆ మాట కూడా కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు నేను వ్యాసం అడుగున రాసేది ఇలా ఉంటుంది: "27. ఒక్కసారి, నేనొక్కణ్నే చదివాను. మరొకరు ఇదే కాగితం దిద్దితే మూడింట రెండుసార్లు 24–30 మధ్య, దాదాపు ఎప్పుడూ 20–34 మధ్య. అంశం మారితే ఈ అంకెలు వర్తించవు." కొందరు పిల్లలు మొదటి అంకె చూసి మిగతాది చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంటారు. వాళ్ల కోసం ఈ మధ్య వరస మార్చాను. పరిధి ముందు రాసి, 27 చివర రాస్తున్నాను.